టీడీఎస్ 22 అయితే మంచిదా, 9 అయితే ఇంకా మంచిదా?

"అన్నా, మాది హన్మకొండ. ఇంట్లో బోరుంది, నల్లా కూడా వస్తది. ఆన్‌లైన్‌ల టీడీఎస్ మీటర్ తెప్పించిన. బోరు నీళ్లు 780, నల్లా 230, మా ఆర్‌ఓ నీళ్లు 22 చూపిస్తున్నయ్. మా ఆర్‌ఓ బోరు ట్యాంకుకు బిగించి ఉంది. పక్కింటోళ్లది నల్లాకు, వాళ్ల మిషన్‌ల 9 వస్తది. సర్వీసు అబ్బాయి మెంబ్రేన్ మారిస్తే మీది కూడా 10 లోపు వస్తది, మార్చండి అంటున్నడు. మార్చాలా? ఎంత తక్కువుంటే అంత మంచిదే కదా?"

మెంబ్రేన్ మార్చకండి. మెంబ్రేన్ అంటే మిషన్‌లో నీటిలో కరిగిన ఉప్పులను ఆపే పొర, మీది బాగానే పనిచేస్తోంది. నిజానికి పక్కింటి వాళ్ల మెంబ్రేన్ కంటే మీదే కాస్త నయం. లెక్క చూడండి. మీ మిషన్‌లోకి 780 వెళ్తోంది, 22 బయటికి వస్తోంది, అంటే 100కి 97 పాళ్లు ఆపేస్తోంది. పక్కింటి దాంట్లోకి వెళ్లేదే 230. అందులోంచి 9 వస్తోందంటే 96 పాళ్లు ఆపుతోందన్నమాట. ఇంట్లో వాడే మెంబ్రేన్ కొత్తగా ఉన్నప్పుడు 95 నుంచి 98 పాళ్ల దాకా ఆపుతుంది. అది 90 కిందికి పడిపోయినప్పుడు మార్చే సంగతి ఆలోచించొచ్చు. మీ బోరు లెక్కన అయితే ఆర్‌ఓ నీళ్లు 80 దాటాలి. లోపలికి వెళ్లే నీటి అంకె అడగకుండా బయటికొచ్చే అంకె ఒక్కటే చూసి "మెంబ్రేన్ పోయింది" అనేవాళ్ల మాట నమ్మొద్దు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. రాత్రంతా ఆగి ఉన్న మిషన్‌లోంచి పొద్దున మొదటి గ్లాసు పట్టి కొలిస్తే అంకె ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మోటార్ ఆగి ఒత్తిడి లేనప్పుడు మెంబ్రేన్‌కు అటువైపున్న ఉప్పు మెల్లగా ఇటువైపు దిగుతుంది. అది మెంబ్రేన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. పది నిమిషాలు నడవనిచ్చి, ట్యాంకులో పాత నీళ్లతో కలవకముందే పైపు దగ్గర పట్టి కొలవండి. అదే రోజు బోరు నీళ్లు కూడా కొలవండి. వానలు పడ్డాక, ఎండాకాలం చివర్లో బోరు అంకె మారుతుంది కాబట్టి ఆర్నెల్ల కిందటి 780 పట్టుకుని ఈరోజు లెక్క వేస్తే తప్పొస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎంత తక్కువుంటే అంత మంచిదా అన్నది. దీనికి ముందు ఆ మీటర్ ఏం చూస్తుందో తెలియాలి. నేను చాలా ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్ట్‌గా పనిచేశాను. సీసాలో నీళ్లు తెచ్చి "టీడీఎస్ చూడండి చాలు" అనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది మాత్రం వేరే ఉండేది.

మీ చేతిలో ఉన్న మీటర్ నీటిలో ఏముందో చూడదు. దాని కింద రెండు చిన్న పిన్నులుంటాయి. వాటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, ఆ విలువను ఒక లెక్కతో హెచ్చించి పీపీఎంలో, అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. కరెంటును మోసేవి నీటిలో కరిగిన ఉప్పులు. అంటే కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ లాంటివి. ఇవన్నీ కలిపి ఒకే అంకెగా వస్తాయి. మూట కట్టి కాటా మీద పెడితే బరువు తెలుస్తుంది గానీ లోపల బియ్యం ఉన్నాయో ఉప్పుందో తెలియదు కదా, ఇదీ అంతే.

ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో రెండు చెంచాల పంచదార వేసి బాగా కలిపి మీటర్ పెట్టండి. అంకె దాదాపు అక్కడే ఉంటుంది, ఎందుకంటే పంచదార కరిగినా కరెంటును మోయదు. ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయండి, అంకె వందల్లోకి ఎగబాకుతుంది. ఇప్పుడు పంచదార బదులు పురుగు మందు అవశేషం ఉందనుకోండి, లేదా డ్రైనేజీ నుంచి వచ్చిన సూక్ష్మజీవులు ఉన్నాయనుకోండి. మీటర్ పలకదు. కలరా క్రిములున్న నీళ్లు కూడా 22 చూపించగలవు.

మీటర్లలో తేడా గురించి కూడా ఒక మాట. కొన్ని మీటర్లు కరెంటు విలువను 0.5తో, కొన్ని 0.7 దగ్గరి అంకెతో హెచ్చిస్తాయి. లీటరు ఆర్‌ఓ నీళ్లలో సరిగ్గా 1 గ్రాము ఉప్పు కరిగించి కొలిస్తే మొదటి రకం 1,000 దగ్గర, రెండో రకం 1,400 దగ్గర చూపిస్తుంది. రెండూ బాగా పనిచేస్తున్నవే. అందుకని ఆ 9 పక్కింటాయన తన మీటర్‌తో కొలిచింది అయితే మీ 22 పక్కన పెట్టొద్దు, నేను పైన వేసిన లెక్క కూడా నిలవదు. పోల్చాలంటే ఒకే మీటర్‌తో రెండు నీళ్లూ కొలవాలి. పిన్నుల దగ్గర గాలి బుడగలు ఆగినా అంకె తక్కువ చూపిస్తుంది, కాబట్టి ముంచాక ఒకసారి మెల్లగా కదిలించి అంకె నిలకడగా ఉన్నాకే చూడండి.

మన వైపు ఈ మీటర్‌కు కనిపించని వాటిలో పెద్దది ఫ్లోరైడ్. మనది గ్రానైట్ నేల. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇప్పుడు చూడండి, ఒక బోరులో ఫ్లోరైడ్ 0.5 ఉంది, ఇంకో బోరులో 3.5 ఉంది. మొదటిది తాగొచ్చు, రెండోది ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద మచ్చలు, పెద్దయ్యాక ఎముకలు బిగుసుకుపోవడం. టీడీఎస్ అంకెలో ఈ రెండింటికీ తేడా 3. మీటర్‌ను రెండుసార్లు ముంచితేనే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

అంతకంటే ఆశ్చర్యపడేది ఇంకోటుంది. గ్రానైట్ ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు చాలాసార్లు ఉప్పగా ఉండవు, తియ్యగా ఉంటాయి. కాల్షియం దండిగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలవలేదు, కాల్షియంతో కలిసి గడ్డకట్టి విడిపోతుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీటిలో అయితే హాయిగా ఉండిపోతుంది. అలాంటి నీళ్లలో సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది, గిన్నెలకు తెల్ల పొర పట్టదు, టీడీఎస్ 450 చూపిస్తుంది. "మా ఊరి బోరు నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి" అని మురిసిపోయే బోరులోనే ఫ్లోరైడ్ 3 ఉండే అవకాశం ఉంది. పక్కనే 900 చూపించే, పప్పు ఉడకని గట్టి నీళ్ల బోరులో 0.8 ఉండొచ్చు. రుచి, టీడీఎస్ చూసి ఎంచుకుంటే తప్పుడు బోరునే ఎంచుకుంటాం.

మరి 500 అనే అంకె ఎక్కడిది అంటారు. అదే ఐఎస్ 10500లో టీడీఎస్‌కు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 దాకా సరే అని ఉంది. ఈ హద్దు ముఖ్యంగా రుచికి, గిన్నెలకు పైపులకు పొర పట్టడానికి సంబంధించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్యం లెక్కన అసలు హద్దే పెట్టలేదు. రుచి చూసి చెప్పే మనుషులతో చేసిన అంచనా మాత్రం ఉంది. 300 లోపు చాలా బాగుంటాయి, 300 నుంచి 600 బాగుంటాయి, 900 దాకా పర్వాలేదు, 1,200 దాటితే తాగలేం. అదే చోట మరీ తక్కువ టీడీఎస్ ఉన్న నీళ్లు చప్పగా ఉండి జనానికి నచ్చకపోవచ్చని కూడా రాశారు. మీ నల్లా 230 ఈ లెక్కలో మొదటి తరగతిలోనే ఉంది. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నింపి శుద్ధి చేసి ఇచ్చేది నది నీళ్లే, బోరు నీళ్లంత ఉప్పు వాటిలో ఉండదు.

ఇప్పుడు 230ని 9కి దించితే ఏమొచ్చింది, ఏం పోయింది అన్నది చూద్దాం. వచ్చింది దాదాపు ఏమీ లేదు. పోయిన వాటిలో జనం ఎక్కువగా భయపడేది మినరల్స్ గురించి. నేను దాన్ని అంత పెద్దది చేయను. నల్లా నీళ్లలో లీటరుకు 35 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనుకుందాం. రోజుకు రెండున్నర లీటర్లు తాగితే 90 దాకా వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1,000. పావు లీటరు కూడా లేని ఒక గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. అంటే ఆర్‌ఓ వల్ల పోయేది సగం గ్లాసు పాలతో పూడుతుంది. "ఆర్‌ఓ నీళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి" అని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు. కాకపోతే వంట కూడా ఆ నీళ్లతోనే చేస్తే కూరగాయల్లో, బియ్యంలో ఉన్న ఖనిజాలు మామూలు నీళ్లలో కంటే ఎక్కువగా నీటిలోకి దిగుతాయి. ఆ నీళ్లు పారబోసే ఇంట్లో నష్టం కాస్త పెరుగుతుంది. పాలు, రాగులు, ఆకుకూరలు సరిగ్గా తినే ఇంట్లో ఇది లెక్కలోకి రాదు. అవేవీ సరిగ్గా దొరకని ఇంట్లో నీటి నుంచి వచ్చే 90 కూడా లెక్కే.

నేను ఎక్కువ పట్టించుకునేవి వేరే రెండున్నాయి. మొదటిది ఆ నీటి గుణం. నీళ్లకు పులుపును తట్టుకునే బలం బైకార్బొనేట్ వల్ల వస్తుంది. మెంబ్రేన్ దాన్ని ఆపేస్తుంది. కానీ నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసును ఆపలేదు, అది దర్జాగా అవతలికి వెళ్తుంది. దాంతో బయటికొచ్చే నీళ్ల పీహెచ్ 6 దగ్గరికి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. తాగితే కడుపుకేం కాదు, నిమ్మరసం దీనికంటే ఎన్నో రెట్లు పులుపు. ఇబ్బంది లోహాలతో వస్తుంది. ఇలాంటి నీళ్లకు ఇత్తడి కుళాయిలను, రాగిని కరిగించుకునే గుణం ఎక్కువ. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆర్‌ఓ నీళ్లు పట్టి రాత్రికి రాగి బిందెలో పోసి పొద్దున్నే తాగుతున్నారు కదా. బిందె లోపల నీటి మట్టం దగ్గర నీలిపచ్చ గీత కనిపిస్తున్నా, నీళ్లలో లోహపు వాసన తగులుతున్నా ఆ జోడీ మానేయండి. రాగి బిందె మీద మక్కువ ఉంటే అందులో కాచి చల్లార్చిన నల్లా నీళ్లు పోసుకోండి, ఆర్‌ఓ నీళ్లకు స్టీలు చాలు.

రెండోది క్లోరిన్. నల్లా నీళ్లలో కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో, ఇంట్లో నిల్వ ఉన్నప్పుడు క్రిములు చేరితే చంపడానికి అది కాపలా. క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడుచేస్తుంది కాబట్టి మిషన్‌లో మెంబ్రేన్ కంటే ముందే కార్బన్ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది. అంటే ఆర్‌ఓ నీళ్లు బయటికొచ్చాక వాటికి కాపలా ఏమీ లేదు. మిషన్ ట్యాంకు ఏడాదిగా కడగకపోయినా, ప్లాంటు నుంచి తెచ్చిన 20 లీటర్ల బబుల్‌లోకి చెయ్యి పెట్టి గ్లాసు ముంచినా, ఎండల్లో నాలుగు రోజులు అలాగే ఉంచినా క్రిములు పెరుగుతాయి. అప్పుడు కూడా మీటర్ అదే 22, అదే 30 చూపిస్తుంది. ఆ అంకె చూసి "ప్యూర్" అనుకుని తాగుతాం. ప్లాంటు నీళ్లు తాగి విరేచనాలైన ఇళ్లలో కొలిచి చూస్తే టీడీఎస్ బంగారంలా ఉంటుంది.

ఇంటికొచ్చి ఆర్‌ఓ అమ్మేవాళ్లు చేసే ఒక ప్రదర్శన గురించి ఇక్కడే చెప్పాలి, ఈ 9 పిచ్చి చాలామందికి అక్కడే పట్టుకుంది. బ్యాగులోంచి కరెంటు కడ్డీలున్న ఒక పరికరం తీస్తారు. ఒక గ్లాసులో మీ నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు పోసి కడ్డీలు ముంచి స్విచ్ వేస్తారు. రెండు నిమిషాల్లో నల్లా నీళ్లు పచ్చగా, గోధుమ రంగుగా మారి అడుగున బురద పేరుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉంటాయి. "ఇదమ్మా, మీ పిల్లలకు మీరు తాగిస్తున్నది" అంటారు. ఆ బురద నీటిలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. నల్లా నీళ్లలో ఉప్పులు ఉన్నాయి కాబట్టి కరెంటు పారింది, పారినప్పుడు ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా మారింది. ఆర్‌ఓ నీళ్లలో కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. ఈసారి వచ్చినప్పుడు స్విచ్ వేయకముందే ఆర్‌ఓ గ్లాసులో రెండు చిటికెల ఉప్పు వేయమనండి. అదీ గోధుమ రంగులోకి తిరుగుతుంది. మీరు మాత్రం ఆ కడ్డీలను ముట్టుకోకండి, మెయిన్ కరెంటు మీద నడిచేవి ఉంటాయి.

ఇక మీ ఇంటి సంగతి. మీకు నల్లా వస్తోంది, 230 ఉంది. అంతకంటే మంచి తాగునీరు కోసం వెతకాల్సిన పని లేదు. దాన్ని ఆర్‌ఓలో పోయడం దండగ. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకుండా నిషేధం పెట్టాలని కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. నల్లా నీటికి కావాల్సింది మట్టి, క్రిములు పోవడం. నల్లా వదిలిన మొదటి కొన్ని నిమిషాల నీళ్లు బట్టలకో చెట్లకో పోనిచ్చి, తర్వాతవి పట్టుకుని కాచి చల్లార్చి వడగట్టినా చాలు, యూవీ ఫిల్టర్ పెట్టుకున్నా చాలు. ఇక్కడ మీ మీటర్ నిజంగా ఒక పనికొస్తుంది. 230 ఉండే నల్లా ఒక రోజు 400 చూపించిందంటే ఏదో కలిసిందని అర్థం. సంపులో బోరు నీళ్లు కలిశాయా, పైపులోకి డ్రైనేజీ చేరిందా అని చూడాలి. మార్పు కనిపెట్టడానికి టీడీఎస్ మీటర్ కంటే చవకైన పనిముట్టు లేదు.

నల్లా రాని రోజుల కోసం, ఎండాకాలం కోసం బోరు మీద ఆర్‌ఓ ఉంచుకోవాలంటే ఉంచుకోండి. దానికి ముందు బోరు నీళ్లు ఒకసారి ల్యాబ్‌లో ఇవ్వండి. టీడీఎస్ కోసం కాదు, అది మీ దగ్గరే ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్, హార్డ్‌నెస్, ఈ మూడూ, వీలైతే క్రిముల పరీక్ష కూడా. నైట్రేట్ ఎందుకంటే కాలనీల్లో సెప్టిక్ ట్యాంకులు బోరు పక్కనే ఉంటున్నాయి. దాని హద్దు 45 మిల్లీగ్రాములు, అందులో సడలింపు లేదు. ఆర్నెల్లలోపు పసిపిల్లలకు పాలు కలిపే నీటిలో అది ఎక్కువైతే ప్రమాదం. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా పెరుగుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక టీడీఎస్ కంట్రోలర్ సంగతి. చాలా మిషన్లలో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే మెంబ్రేన్‌లోకి వెళ్లని నీళ్లు కొంత వచ్చి ఆర్‌ఓ నీళ్లలో కలుస్తాయి, అంకె పెరుగుతుంది. సర్వీసు వాళ్లు దీన్ని మినరల్స్ పెంచే స్క్రూ అంటారు. మినరల్స్‌తో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా అదే దారిలో వస్తాయని మాత్రం చెప్పరు.

మీలాంటి 780 బోరుకు ఇలాంటి రిపోర్టు వచ్చిందనుకుందాం. ఫ్లోరైడ్ 1.9, నైట్రేట్ 72. రెండూ హద్దు దాటినవే, ఈ బోరు నీళ్లు నేరుగా తాగకూడదు. మెంబ్రేన్ తర్వాత ఫ్లోరైడ్ 0.15, నైట్రేట్ 9 దగ్గర ఉంటాయి. నైట్రేట్‌ను మెంబ్రేన్ మిగతా వాటంత గట్టిగా ఆపదు. ఇప్పుడు స్క్రూ తిప్పి 150కి పెట్టారనుకోండి. 22ని 150కి తేవాలంటే 100 పాళ్లలో 17 పాళ్లు బోరు నీళ్లు కలవాలి. అప్పుడు ఫ్లోరైడ్ 0.45 దాకా, నైట్రేట్ 20 దాకా వస్తాయి. రెండూ హద్దుకు సగం లోపే, నిశ్చింతగా తాగొచ్చు. అదే "500 దాకా మంచిదే కదా" అని 400కి పెట్టారనుకోండి. సగానికి సగం బోరు నీళ్లు కలుస్తాయి. ఫ్లోరైడ్ 1 దాటుతుంది, నైట్రేట్ 40కి చేరుతుంది. ఎండాకాలం బోరు కాస్త మారితే హద్దు దాటిపోతుంది. బోరులో ఫ్లోరైడ్ 4 ఉన్న ఊళ్లో అదే 400 పెడితే తాగే నీటిలో 2 పైన ఉంటుంది, మీటర్ మాత్రం అందమైన అంకె చూపిస్తుంది. కాబట్టి స్క్రూ ఎంత తిప్పాలన్నది బోరు రిపోర్టు చూసి తేల్చాలి, అందరికీ ఒకే అంకె ఉండదు. తిప్పేటప్పుడు కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ పది నిమిషాలు నీళ్లు వదిలి, ట్యాంకులోకి వెళ్లే పైపు దగ్గర కొలవండి. అలా కలిసే నీళ్లు యూవీ దాటి వస్తున్నాయో లేదో కూడా చూడండి. కొన్ని మిషన్లలో ఆ దారి యూవీ తర్వాత కలుస్తుంది, అలాంటి దాంట్లో స్క్రూ పూర్తిగా మూసేయడమే మేలు.

మీకు నల్లా ఉంది కాబట్టి అసలు స్క్రూ జోలికి వెళ్లకుండా ఇంకో పని చేయొచ్చు. ఆర్‌ఓ నీళ్లు సగం, కాచి చల్లార్చిన నల్లా నీళ్లు సగం కలిపి స్టీలు డ్రమ్ములో పెట్టుకోండి. 22కి 230కి మధ్య 126 వస్తుంది. మెంబ్రేన్ దాటకుండా బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా లోపలికి రావు, చప్పదనం పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. మిషన్ ఖర్చు కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఇలాంటి మిషన్లు లీటరు మంచినీటికి సుమారు మూడు లీటర్లు పారబోస్తాయి. మీ బోరు లెక్కన ఆ పారే నీళ్లు 1,000 పైన ఉంటాయి. బాత్రూం కడగడానికి వాడండి గానీ కుండీల్లో రోజూ పోయకండి, మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

ఇక సర్వీసు అబ్బాయి అడిగితే, ఇప్పుడు సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో చూసి, ఏడాది దాటితే అవి మార్చమనండి, ట్యాంకు కడగమనండి. వాటికయ్యే ఖర్చు మెంబ్రేన్ కంటే చాలా తక్కువ, మెంబ్రేన్ ఎక్కువ కాలం మన్నేది కూడా వాటి వల్లే. మెంబ్రేన్ సంగతి 80 దాటిన రోజున మాట్లాడదాం.